కంపెనీ మారాక పాత శాలరీ అకౌంట్‌లో ఛార్జీలు ఎందుకు పడతాయి, పడకుండా ఏం చేయాలి

అకౌంట్ నంబర్ అదే, డెబిట్ కార్డు అదే, యాప్ అదే, లాగిన్ కూడా అదే. కానీ బ్యాంకు కంప్యూటర్‌లో మీ అకౌంట్ ఏ స్కీమ్ కింద ఉందో చెప్పే కోడ్ ఒకటి ఉంటుంది, అది మాత్రం ఒకరోజు మారిపోతుంది. బయటికి ఏమీ కనపడదు కాబట్టి చాలామందికి ఈ సంగతి ఎప్పుడు తెలుస్తుందంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌కి పోయే ఏ ఎస్‌ఐపీనో ఫెయిల్ అయ్యి, ఎందుకయిందా అని స్టేట్‌మెంట్ తీసి చూసినప్పుడు. అప్పటికే మూడు నాలుగు నెలల ఛార్జీలు పోయి ఉంటాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "సార్ మీది ఇప్పుడు రెగ్యులర్ సేవింగ్స్ అకౌంట్ సార్" అని చల్లగా చెప్తారు.

ఇది ఎలా జరుగుతుంది, ఏ నెలలో ఏమవుతుంది, ఎక్కడ ఆపొచ్చు, ఆల్రెడీ కట్ అయిపోతే ఏం అడగాలి, ఇవన్నీ వరసగా చెప్తాను. ఉద్యోగం మారబోతున్నవాళ్ళు మొదటినుంచి చదవండి, ఛార్జీలు ఆల్రెడీ పడినవాళ్ళు ఆఖరి స్టెప్‌కి పోయినా పర్లేదు.

ముందు అసలు జీరో బ్యాలెన్స్ ఎవరిచ్చారో చూద్దాం

శాలరీ అకౌంట్ అంటే బ్యాంకుకి మీకు మధ్య ఒప్పందం అనుకుంటాం కానీ అందులో ముఖ్యమైనది బ్యాంకుకి మీ కంపెనీకి మధ్య ఒప్పందం. మా 300 మంది జీతాలు ప్రతి నెలా మీ బ్యాంకులోనే వేస్తాం, మీరు వాళ్ళకి మినిమం బ్యాలెన్స్ పెట్టొద్దు, కార్డు ఫ్రీగా ఇవ్వండి, యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ ఇవ్వండి అని కంపెనీ అడుగుతుంది. బ్యాంకు ఒప్పుకుంటుంది, ఎందుకంటే నెల మొదట్లో వచ్చే ఆ డబ్బు ఖర్చయ్యేదాకా వాళ్ళ దగ్గరే ఉంటుంది, పైగా పర్సనల్ లోన్లూ క్రెడిట్ కార్డులూ అమ్ముకోడానికి జీతం ఎంతో ముందే తెలిసిన కస్టమర్లు దొరుకుతారు. అకౌంట్ ఓపెన్ చేసేటప్పుడు మీ పేరుని ఆ కంపెనీ కోడ్ కింద కలుపుతారు. మీకొచ్చిన జీరో బ్యాలెన్స్ ఆ కోడ్‌కి కట్టేసి ఉంటుంది, మీరు ఆ కంపెనీలో లేకపోతే దానికి ఆధారం పోయినట్టే.

మరి మీరు మానేశారని బ్యాంకుకి ఎలా తెలుస్తుంది అంటే, ఎక్కువగా ఎవరూ చెప్పరు, సిస్టమే చూసుకుంటుంది. కంపెనీ జీతాల ఫైల్ అప్‌లోడ్ చేసినప్పుడు ఆ క్రెడిట్ మీద జీతం అన్న గుర్తు పడుతుంది. అలాంటి క్రెడిట్ వరసగా మూడు నెలలు రాకపోతే అకౌంట్‌ని మామూలు సేవింగ్స్ స్కీమ్‌లోకి మార్చేయడం మన దగ్గర చాలా బ్యాంకుల రూలు. కొన్ని కంపెనీల హెచ్ఆర్ వాళ్ళు మానేసినవాళ్ళ లిస్టు నేరుగా బ్యాంకుకి పంపిస్తారు, అలాంటప్పుడు మూడు నెలలు కూడా ఆగకపోవచ్చు. ఇంకో సంగతి, ఉద్యోగం మారకపోయినా జీతం లేని లాంగ్ లీవ్‌లో ఉన్నా, కంపెనీ జీతాలు వేరే బ్యాంకుకి మార్చినా ఇదే జరుగుతుంది, సిస్టమ్‌కి కారణం అక్కర్లేదు కదా, క్రెడిట్ వచ్చిందా లేదా అంతే.

ఇక్కడ మూడు అపోహలు ఉన్నాయి. ఫుల్ అండ్ ఫైనల్ డబ్బులు మే నెలలో పడ్డాయి కదా, లెక్క మళ్ళీ మొదలవుతుంది అనుకుంటారు. అది జీతాల ఫైల్‌లో కాకుండా మామూలు నెఫ్ట్‌గా వస్తే జీతం కింద లెక్కకి రాదు. రెండోది, వేరే అకౌంట్ నుంచి మనమే నెలనెలా ఇరవై వేలు పంపించి రిమార్క్స్‌లో శాలరీ అని రాసుకుంటే సరిపోతుంది అని, అది పనిచేయదు, సిస్టమ్ చూసేది మనం రాసే రిమార్క్ కాదు. మూడోది కొంచెం న్యాయమైన ఆశే, కొత్త కంపెనీ జీతం కూడా ఈ పాత అకౌంట్‌లోనే పడుతోంది కాబట్టి ఏ గొడవా లేదని. కొత్త కంపెనీకి ఆ బ్యాంకుతో టై-అప్ లేకపోతే, జీతం వాళ్ళు వేరే బ్యాంకు నుంచి నెఫ్ట్‌లో పంపిస్తుంటే, మీ అకౌంట్ ఇంకా పాత కంపెనీ కోడ్ కిందే ఉంటే, డబ్బులు పడుతూ కూడా స్కీమ్ మారిపోవచ్చు. డబ్బులు పడుతుంటే బ్యాలెన్స్ ఉంటుంది కాబట్టి వెంటనే నొప్పి తెలీదు, ఏదో ఒక నెల మొత్తం వాడేసినప్పుడు తెలుస్తుంది.

అన్ని బ్యాంకుల్లో ఒకేలా ఉండదు

ఇది చదివి కంగారుపడేముందు మీది ఏ బ్యాంకో చూస్కోండి. ఎస్‌బీఐ 2020 మార్చిలోనే అన్ని సేవింగ్స్ అకౌంట్లకీ మినిమం బ్యాలెన్స్ ఎత్తేసింది. కెనరా బ్యాంక్ 2025 జూన్ నుంచి, పంజాబ్ నేషనల్ బ్యాంక్ జులై నుంచి తీసేశాయి, ఆ ఏడాదే ఇంకొన్ని ప్రభుత్వ బ్యాంకులు కూడా అదే దారిలో వెళ్ళాయి. అక్కడ మీ శాలరీ అకౌంట్ మామూలుది అయిపోయినా బ్యాలెన్స్ లేదని ఫైన్ పడదు. పోయేది ఇన్సూరెన్స్, ఫ్రీ కార్డు, ఏటీఎం సౌకర్యాల్లాంటివి, వాటి గురించి కింద చెప్తాను.

అసలు సమస్య ఎక్కువగా ప్రైవేటు బ్యాంకుల్లో. సిటీ బ్రాంచ్ అయితే నెల సగటు బ్యాలెన్స్ పది వేలు అన్నది చాలాకాలంగా అలవాటైన లెక్క, ఇప్పుడది పెరుగుతోంది. ఐసీఐసీఐ బ్యాంక్ 2025 ఆగస్టులో కొత్తగా తెరిచే అకౌంట్లకి సిటీల్లో ఏకంగా 50,000 అని పెట్టి, జనం గోల చేశాక కొద్దిరోజుల్లోనే 15,000కి దించింది. అప్పుడే రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌ని అడిగితే మినిమం బ్యాలెన్స్ ఎంతుండాలో బ్యాంకుల ఇష్టానికే వదిలేశాం అన్నారు. అంటే అమౌంట్ విషయంలో ఎవరూ అడ్డుపడరు. అమౌంట్‌కి అడ్డు లేదు గానీ ఛార్జీ ఎలా వేయాలి అన్నదానికి మాత్రం రూల్స్ ఉన్నాయి, మన చేతిలో ఉన్న ఆయుధం అదే.

మొదటి స్టెప్: ఆఖరి రోజుకి ముందే ఫోన్ నంబర్, మెయిల్ మార్చుకోండి

ఇది చిన్నపనిలా ఉంటుంది కానీ నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చాలా శాలరీ అకౌంట్లు జాయినింగ్ రోజున ఆఫీసులోనే ఒక టేబుల్ వేసి మూకుమ్మడిగా తెరుస్తారు, ఫారంలో ఆఫీసు మెయిల్ ఐడీ రాసేస్తాం, కొంతమంది కంపెనీ ఇచ్చిన సిమ్ నంబర్ కూడా రాస్తారు. మానేసిన రోజు సాయంత్రానికి మెయిల్ పోతుంది, సిమ్ వెనక్కి ఇచ్చేస్తాం. ఆ తర్వాత బ్యాంకు పంపే ప్రతి నోటీసూ ఎవరూ చదవని చోటికి పోతుంది, బ్యాంకు రికార్డులో మాత్రం నోటీసు పంపినట్టే ఉంటుంది. కాబట్టి చేతిలో పాత సిమ్ ఉండగానే, ఓటీపీ వస్తుండగానే యాప్‌లోనో ఏటీఎంలోనో బ్రాంచ్‌లోనో సొంత నంబర్, సొంత మెయిల్ పెట్టేస్కోండి. సిమ్ ఇచ్చేశాక అయితే బ్రాంచ్‌కి ఆధార్, పాన్ పట్టుకుని వెళ్ళక తప్పదు.

రెండో స్టెప్: మీ అకౌంట్ ఇప్పుడు ఏ రకంలో ఉందో, మారితే ఏ రకంలోకి పోతుందో కనుక్కోండి

నెట్ బ్యాంకింగ్‌లో అకౌంట్ డీటెయిల్స్ దగ్గరో, పీడీఎఫ్ స్టేట్‌మెంట్ పైభాగంలోనో అకౌంట్ టైప్ అనో ప్రోడక్ట్ అనో స్కీమ్ అనో ఒక లైన్ ఉంటుంది. అందులో శాలరీ అనో కార్పొరేట్ అనో ఉంటే ఇంకా మారలేదని. అది ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత ఎప్పుడు మారిందో నిరూపించడానికి పనికొస్తుంది.

తర్వాత బ్యాంకుకి మెయిల్‌లో మూడు ప్రశ్నలు పంపండి, ఫోన్‌లో వద్దు, మెయిల్‌లోనే. జీతం ఆగిపోయాక ఎన్ని నెలలకి మారుస్తారు? మార్చితే ఏ సేవింగ్స్ స్కీమ్‌లోకి, దానికి నా బ్రాంచ్‌లో ఎంత బ్యాలెన్స్ ఉండాలి? మార్చేముందు నాకు ఎలా చెప్తారు? ఈమధ్య బ్యాంకులు కొత్త అకౌంట్లకి ఒక లెక్క, పాతవాటికి ఒక లెక్క పెడుతున్నాయి కదా, 2021లో తెరిచిన శాలరీ అకౌంట్ ఇవాళ మారితే దాన్ని పాతదానిగా చూస్తారా కొత్తదానిగా చూస్తారా అన్నది కూడా అందులోనే అడగండి. పది వేలకీ పాతిక వేలకీ తేడా దీనిమీదే ఉంటుంది.

బ్రాంచ్ సంగతి కూడా ఇక్కడే. ఎంత బ్యాలెన్స్ ఉండాలి అన్నది మీరెక్కడ ఉంటున్నారు అన్నదాన్ని బట్టి కాదు, అకౌంట్ ఏ బ్రాంచ్‌లో ఉంది అన్నదాన్ని బట్టి. మాదాపూర్ బ్రాంచ్‌లో ఉంటే మెట్రో లెక్క, తణుకులోనో జనగామలోనో ఉంటే బ్యాంకు లిస్టులో అది సెమీ అర్బన్ అయ్యే అవకాశం ఎక్కువ, అక్కడ లెక్క దాదాపు సగం ఉంటుంది. సొంతూరికి వెళ్ళిపోయి అకౌంట్ ఉంచుకోవాలనుకునేవాళ్ళు హోమ్ బ్రాంచ్ మార్చుకుంటే అదొక తేలికైన దారి, అకౌంట్ నంబర్ సాధారణంగా అదే ఉంటుంది, ఐఎఫ్ఎస్‌సీ మాత్రం మారుతుంది.

ఏ నెలలో ఏమవుతుంది: ఒక లెక్క పూర్తిగా వేసి చూద్దాం

హైదరాబాద్‌లో ఒకబ్బాయి మార్చి 31న పాత కంపెనీ ఆఖరి జీతం తీసుకున్నాడనుకోండి. కొత్త కంపెనీ వేరే బ్యాంకులో అకౌంట్ తెరిచింది. పాత అకౌంట్‌లో 2,000 ఉన్నాయి, అతని మ్యూచువల్ ఫండ్ ఎస్‌ఐపీ 5,000 మాత్రం ఇంకా పాత అకౌంట్ నుంచే పోతుంది, అందుకని ప్రతి నెల 4న కొత్త అకౌంట్ నుంచి 5,000 పంపిస్తాడు, 5న అవి కట్ అవుతాయి. బ్యాంకు నియమం నెల సగటు 10,000, తగ్గితే ఎంత తక్కువైందో అందులో 6 శాతం లేదా 600, ఏది తక్కువైతే అది, పైన 18 శాతం జీఎస్టీ. ప్రైవేటు బ్యాంకుల్లో ఇలాంటి లెక్కే మామూలుగా కనపడుతుంది.

ఏప్రిల్, మే, జూన్ జీతం లేదు. జులైలో స్కీమ్ మారింది. ఆగస్టులో సగటు తక్కువైంది, సెప్టెంబర్ 1నే బ్యాంకు ఎస్ఎంఎస్ పంపింది, నెలలోపు సరిచేయకపోతే ఛార్జీ వేస్తామని. ఆఫర్ల మెసేజ్‌ల మధ్యలో అది కలిసిపోయింది.

ఇప్పుడు సెప్టెంబర్ సగటు ఎలా వస్తుందో చూడండి. ప్రతి రోజు ముగిసేసరికి అకౌంట్‌లో ఉన్న డబ్బుని మొత్తం కూడి, నెలలో ఎన్ని రోజులుంటే అంతతో భాగిస్తారు. 29 రోజులు 2,000, ఒక్క 4వ తారీఖు రాత్రి మాత్రం 7,000. కూడితే 65,000, దాన్ని 30తో భాగిస్తే 2,166.67. తక్కువైంది 7,833.33, అందులో 6 శాతం 470, జీఎస్టీ 84.60, మొత్తం 554.60. అక్టోబర్ 1న ఇది కట్ అయ్యి 1,445.40 మిగిలింది.

ఇక్కడినుంచి అది తనంతట తనే పెరుగుతుంది, ఎందుకంటే ఛార్జీ పడ్డాక బ్యాలెన్స్ ఇంకా తగ్గింది, తక్కువైంది ఇంకా ఎక్కువైంది. అక్టోబర్‌కి 594.25, నవంబర్‌కి 635.94. డిసెంబర్ ముగిసేసరికి అకౌంట్‌లో 215.21 మాత్రమే ఉంది, ఆ నెల ఛార్జీ 681.34 అయింది. బ్యాంకు ఆ 215 తీసుకుని సున్నా చేసింది. ఈ ఛార్జీ కోసం అకౌంట్‌ని మైనస్‌లోకి తీసుకెళ్ళకూడదని రూలుంది కాబట్టి అక్కడ ఆగింది, కానీ మిగిలిన 466.13 చాలా బ్యాంకుల్లో మాఫీ అవ్వదు, బాకీ కింద రాసి పెట్టుకుంటారు. జనవరి 4న అతను ఎప్పట్లాగే 5,000 పంపించాడు, అందులోంచి 466.13 వెంటనే పోయింది, 4,533.87 మిగిలింది, 5న ఎస్‌ఐపీ బౌన్స్ అయింది. బౌన్స్ అయినందుకు అదే బ్యాంకు వేసే మాండేట్ రిటర్న్ ఛార్జీ వేరే, అది వందల్లో ఉంటుంది, మళ్ళీ జీఎస్టీ. నాలుగు నెలల ఛార్జీ కలిపితే 2,466.13, అంటే ఉన్న రెండు వేలూ పోయి పైన ఇంకొంత.

ఎస్‌ఐపీ కాబట్టి ఒక నెల ఆగిపోయింది అంతే. అదే ఈఎంఐ అయి ఉంటే లోన్ ఇచ్చినవాళ్ళు కూడా బౌన్స్ ఛార్జీ వేస్తారు, ఆలస్యం సిబిల్‌కి పోతుంది. నన్నడిగితే 554 రూపాయలు పెద్ద నష్టం కాదు, ఈ చివరి బౌన్సే అసలు నష్టం.

మినిమం బ్యాలెన్స్ కాకుండా ఇంకా ఏం పోతాయి

డెబిట్ కార్డు ఏడాది ఫీజు మొదలవుతుంది, అది సంవత్సరానికోసారే కాబట్టి ఎప్పుడు పడుతుందో గుర్తుండదు. ఏటీఎంలో కొన్ని శాలరీ అకౌంట్లకి ఎన్నిసార్లు తీసినా ఫ్రీ ఉంటుంది, మామూలు అకౌంట్ అయ్యాక వేరే బ్యాంకు ఏటీఎంలో హైదరాబాద్ లాంటి మెట్రోలో నెలకి మూడుసార్లు, మిగతా ఊళ్ళలో అయిదుసార్లు మాత్రమే ఫ్రీ, ఆ పైన 2025 మే నుంచి ఒక్కోదానికి 23 రూపాయల దాకా పడుతుంది, జీఎస్టీ అదనం. డబ్బు తీయకుండా బ్యాలెన్స్ చూసుకున్నా అది ఒక లావాదేవీగానే లెక్క, ఇది చాలామందికి తెలీదు.

యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ సంగతి ఇంట్లో వాళ్ళకి తప్పనిసరిగా చెప్పండి. శాలరీ అకౌంట్‌తో వచ్చే కవర్‌కి జీతం పడుతుండటం షరతుగా ఉంటుంది, స్కీమ్ మారితే కవర్ పోతుంది. మా అబ్బాయికి బ్యాంకు ఇన్సూరెన్స్ ఉందిలే అని ఇంట్లోవాళ్ళు నమ్మకంగా ఉంటారు, మానేసి ఆరు నెలలయ్యాక అది లేదు. హోమ్ లోన్ వడ్డీలో శాలరీ అకౌంట్ ఉందని రాయితీ తీసుకున్నవాళ్ళు లోన్ సాంక్షన్ లెటర్ ఒకసారి తీసి చూడండి, రాయితీ జీతానికి ముడిపడి ఉందా లేదా అందులో రాసి ఉంటుంది.

మూడో స్టెప్: ఉంచాలా మూసేయాలా, మూడు నెలల లోపే తేల్చుకోండి

కొత్త కంపెనీ జీతం ఈ బ్యాంకుకే వేయగలిగితే అన్నిటికంటే సులువు. హెచ్ఆర్‌ని అడిగి, ఆఫర్ లెటరో మొదటి పే స్లిప్పో పట్టుకుని బ్రాంచ్‌కి వెళ్ళి, అకౌంట్‌ని కొత్త కంపెనీ కోడ్ కింద మార్చమని రాసివ్వండి. జీతం పడుతుంటే చాలు అదే మారిపోతుంది అని కౌంటర్‌లో అంటారు, నమ్మొద్దు, రిక్వెస్ట్ నంబర్ తీస్కోండి, వారం తర్వాత అకౌంట్ డీటెయిల్స్‌లో మారిందో లేదో చూస్కోండి.

జీతం రాదు కానీ అకౌంట్ కావాలి అంటే రెండు దారులు. ఒకటి, అదే బ్యాంకులో తక్కువ బ్యాలెన్స్ ఉండే రకానికి మార్చమని అడగడం, లేదా బేసిక్ సేవింగ్స్ అకౌంట్‌గా మార్చమనడం. బేసిక్ అకౌంట్ అనేది ప్రతి బ్యాంకూ ఇవ్వాల్సిందే, దానికి మినిమం బ్యాలెన్స్ ఉండదు, డబ్బు తీసుకునే సార్ల మీద నెలకి పరిమితి ఉండొచ్చు, అదే బ్యాంకులో మీకు ఇంకో సేవింగ్స్ అకౌంట్ ఉండకూడదు. బ్రాంచ్‌లో దీని గురించి వాళ్ళంతట వాళ్ళు చెప్పడం నేను చూళ్ళేదు, మీరే పేరు పెట్టి అడగాలి. రెండోది, కొన్ని బ్యాంకుల్లో ఒక మొత్తానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే సగటు బ్యాలెన్స్ అడగరు. ఎలాగూ ఎఫ్‌డీ వేయాలనుకునేవాళ్ళకి ఇది బాగుంటుంది, ఫైన్ తప్పించుకోడానికే ఎఫ్‌డీ వేయడం మాత్రం నాకు నచ్చదు.

ఒక్క నెల గండం గట్టెక్కడానికి ఇంకో ఉపాయం ఉంది. సగటు అనేది రోజుల లెక్క కాబట్టి 30 రోజుల నెలకి 10,000 సగటు అంటే రోజువారీ బ్యాలెన్స్‌లన్నీ కూడితే 3,00,000 రావాలి. పై కేసులో అతనికి ఆల్రెడీ 65,000 ఉంది, ఇంకా 2,35,000 కావాలి, అంటే 80,000 మూడు రాత్రులు అకౌంట్‌లో ఉంచితే 2,40,000 వచ్చి గండం దాటుతుంది. పొద్దున వేసి సాయంత్రం తీస్తే లెక్కకి రాదు, రోజు ముగిసేసరికి ఉండాలి. నోటీసు చూసిన నెలలో ఇది చేసి, ఆ తర్వాత నింపాదిగా మూసేయొచ్చు.

వీటిలో ఏదీ అక్కర్లేకపోతే మూసేయడమే. ఎప్పుడైనా పనికొస్తుందిలే అని వదిలేసే అకౌంటే పైన చెప్పిన లెక్కలో ఇరుక్కునేది.

నాలుగో స్టెప్: మూసేముందు ఆ అకౌంట్‌కి ఏమేం కట్టేసి ఉన్నాయో విప్పండి

గత 12 నెలల స్టేట్‌మెంట్ తీసి కట్ అయిన ప్రతి లైనూ, వచ్చిన ప్రతి లైనూ చూడండి, నెలకోసారి వచ్చేవి గుర్తుంటాయి కానీ ఏడాదికోసారి పోయే ఎల్ఐసీ ప్రీమియం, టర్మ్ ఇన్సూరెన్స్ లాంటివి గుర్తుండవు. ఎస్‌ఐపీ, ఈఎంఐ మాండేట్లు, అంటే నెలనెలా కట్ చేసుకోమని మీరిచ్చిన అనుమతులు, కొత్త అకౌంట్‌కి మారడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు, కొత్త అకౌంట్ నుంచి ఒక వాయిదా పోయిందని చూశాకే పాతది ముట్టుకోండి.

వచ్చే డబ్బుల వైపు మూడు చోట్ల చూడాలి. పీఎఫ్‌కి యూఏఎన్‌లో ఏ అకౌంట్ ఉంది, పాత కంపెనీ పీఎఫ్ తీసుకుందామనుకునేసరికి మూసేసిన అకౌంట్ ఉంటే క్లెయిమ్ తిరిగొస్తుంది. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో రీఫండ్ కోసం ఏది వాలిడేట్ అయి ఉంది. ఆధార్‌కి ఏది సీడ్ అయి ఉంది, గ్యాస్ సబ్సిడీ, ఇంట్లో ఎవరి పేరు మీదైనా వచ్చే ప్రభుత్వ డబ్బు అందులోనే పడుతుంది. షేర్లు ఉన్నవాళ్ళు డీమ్యాట్‌లో డివిడెండ్ అకౌంట్ కూడా.

ఇవన్నీ అయ్యాక క్లోజర్ ఫారం, మిగిలిన చెక్కులు, కార్డు తీసుకుని బ్రాంచ్‌కి వెళ్ళండి. తెరిచి ఏడాది దాటిన అకౌంట్‌కి క్లోజింగ్ ఛార్జీ మామూలుగా ఉండదు, ఏడాది లోపు అయితే అయిదొందల దాకా అడిగే బ్యాంకులున్నాయి. బ్యాలెన్స్ ఛార్జీల బాకీ ఉంటే అది కట్టమంటారు, ఆ బాకీ గురించి అయిదో స్టెప్ చదివాకే కట్టండి. అకౌంట్ మూసినట్టు మెయిలో లెటరో తీసుకోకుండా రావొద్దు.

మూయకుండా అలాగే వదిలేస్తే ఏమవుతుందని అడిగేవాళ్ళకి: మీరు చేసిన లావాదేవీ ఏదీ లేకుండా రెండేళ్ళు గడిస్తే అకౌంట్ ఇన్‌ఆపరేటివ్ అవుతుంది, 2024 ఏప్రిల్ నుంచి అలాంటి అకౌంట్ మీద మినిమం బ్యాలెన్స్ ఫైన్ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది, మళ్ళీ యాక్టివ్ చేయడానికి కూడా డబ్బు తీసుకోకూడదు. కానీ ఆ రెండేళ్ళు గడిచేలోపు వేసే ఛార్జీలకి ఇది అడ్డు కాదు, అప్పటికి ఉన్నదంతా ఊడ్చుకుపోయి ఉంటుంది.

విదేశాలకి వెళ్ళేవాళ్ళకి ఒక మాట

మన దగ్గర ఇక్కడి ఆఫీసులో రాజీనామా చేసి అమెరికాకో ఇంకో దేశానికో ఉద్యోగానికి పోయేవాళ్ళు ఎక్కువ కదా, వాళ్ళకి ఈ సమస్య రెండింతలు. జీతం ఆగి స్కీమ్ మారడం ఒకటి, ఎన్ఆర్ఐ అయ్యాక మామూలు సేవింగ్స్ అకౌంట్ అలాగే నడపకూడదు, విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం ఎన్‌ఆర్‌ఓ కింద, అంటే ఎన్ఆర్ఐల కోసం ఉండే రూపాయల అకౌంట్‌గా మార్పించుకోవాలి. ఎన్‌ఆర్‌ఓకి మినిమం బ్యాలెన్స్ వేరే ఉంటుంది. అక్కడికి వెళ్ళాక ఇండియా సిమ్‌కి ఓటీపీ రాక నెట్ బ్యాంకింగే తెరుచుకోక అవస్థ పడేకంటే, ఫ్లైట్ ఎక్కేముందే ఒక్క అకౌంట్ ఉంచుకుని మిగతా శాలరీ అకౌంట్లు మూసేస్కోండి.

అయిదో స్టెప్: ఆల్రెడీ కట్ అయిపోతే ఎలా అడగాలి

స్టేట్‌మెంట్‌లో నెల సగటు బ్యాలెన్స్‌కి, మినిమం బ్యాలెన్స్‌కి వాడే MAB, AMB, MIN BAL లాంటి అక్షరాలున్న లైన్లు వెతకండి, తారీఖు, అమౌంట్ రాస్కోండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "అన్యాయం" అంటే ఒక నెలది వెనక్కి ఇచ్చి పంపించేస్తారు. మెయిల్‌లో రూలు పట్టుకుని అడిగితే మాట వేరేగా ఉంటుంది.

రూలు ఏంటంటే, రిజర్వ్ బ్యాంక్ 2014 నవంబర్‌లో బ్యాంకులకి చెప్పింది, 2015 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. బ్యాలెన్స్ తగ్గితే ముందు కస్టమర్‌కి ఎస్ఎంఎస్, మెయిల్ లేదా లెటర్ ద్వారా చెప్పాలి, నోటీసు తారీఖు నుంచి నెలలోపు సరిచేయకపోతేనే ఛార్జీ వేయాలి. ఛార్జీ ఎంత తక్కువైందో దానికి తగ్గట్టు ఉండాలి, వంద తగ్గినా అయిదు వేలు తగ్గినా ఒకే ఫైన్ అంటే కుదరదు. ఆ ఛార్జీ వల్లనే అకౌంట్ మైనస్‌లోకి పోకూడదు.

కాబట్టి మెయిల్ ఇలా రాయండి, పొడుగ్గా వద్దు. "నా శాలరీ అకౌంట్‌ని ఏ తారీఖున సేవింగ్స్‌గా మార్చారు, ఆ సంగతి నాకు ఏ తారీఖున ఏ నంబర్‌కి లేదా మెయిల్‌కి చెప్పారు, బ్యాలెన్స్ తగ్గిందని మొదటి నోటీసు ఎప్పుడు పంపారు, ప్రతి నెల సగటు ఎలా లెక్కేశారు, ఇవి పంపండి. నోటీసుకి ముందు, నోటీసు ఇచ్చిన నెలలోపు వేసిన ఛార్జీలు జీఎస్టీతో సహా వెనక్కి ఇవ్వండి." అంతే. సగటు మీరూ వేసి చూడండి, స్కీమ్ మారింది 18వ తారీఖునైతే నెల మొత్తానికి లెక్క వేశారా అన్నది చూడాలి, శాలరీ అకౌంట్‌గా ఉన్న రోజులకి ఫైన్ ఎందుకు అని అడగొచ్చు.

ఆ మెయిల్‌కి రిఫరెన్స్ నంబర్ రావాలి. జవాబు బాగోకపోతే బ్యాంకు వెబ్‌సైట్‌లో నోడల్ ఆఫీసర్ మెయిల్ ఉంటుంది, పాత నంబర్ రాసి అక్కడికి పంపండి. మొదటి కంప్లైంట్ ఇచ్చి 30 రోజులు దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ముందు బ్యాంకుకి రాయకుండా నేరుగా అక్కడికి పోతే తీసుకోరు, అందుకే ఆ మొదటి మెయిల్, దాని తారీఖు అంత ముఖ్యం.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. నోటీసులు మీ సొంత నంబర్‌కే వచ్చి ఉండి, మీరు చూస్కోకపోయి ఉంటే, అంబుడ్స్‌మన్ దగ్గర గెలిచే అవకాశం తక్కువ. అలాంటప్పుడు బ్రాంచ్ మేనేజర్‌ని కలిసి, అకౌంట్ మూసేస్తాను పెండింగ్ బాకీ తీసేయండి అని అడగడమే మేలు, పాత కస్టమర్లకి, అదే బ్యాంకులో లోనో కార్డో ఉన్నవాళ్ళకి చాలాసార్లు మాఫీ చేస్తారు. చేస్తామంటే ఆ మాట కూడా మెయిల్‌లో తీసుకుని, బాకీ సున్నా అని చూపించాకే క్లోజర్ ఫారం మీద సంతకం పెట్టండి.